3.4 కిలోల బ్రాకెట్ 1.65కి దిగిన కేసు: టోపాలజీ ఆప్టిమైజేషన్ గీసిన బొమ్మ నుంచి వీఎంసీ కోయగలిగే పార్ట్ దాకా

ఒక అసెంబ్లీ లైన్‌లో గాంట్రీ మీద తిరిగే గ్రిప్పర్‌ను పట్టుకునే బ్రాకెట్ ఇది. లైన్ వాళ్లు కొత్త గ్రిప్పర్‌కు మారారు. అది పాతదానికంటే 1.5 కిలోలు ఎక్కువ బరువు. సర్వో మోటార్ అప్పటికే దాదాపు పూర్తి లోడ్ మీద నడుస్తోంది. మోటార్ మారిస్తే డ్రైవ్, కేబుల్, మౌంటింగ్ ప్లేట్ అన్నీ మార్చాలి. అందుకని ఆ 1.5 కిలోలు కదిలే భాగాల్లోంచే తీయమన్నారు. చూస్తే అందులో లావుగా కనిపించింది ఈ బ్రాకెట్ ఒక్కటే.

పాత బ్రాకెట్ చాలా సాదా డిజైన్. 60 మి.మీ. మందం ఉన్న 6061 అల్యూమినియం ప్లేట్ లోంచి కోసిన చెయ్యి. పొడవు 220 మి.మీ. గోడ వైపు ఎత్తు 130, కొస దగ్గర 60. వెనక 20 మి.మీ. బేస్, దానిలో నాలుగు ఎం8 ట్యాప్ హోల్స్. బోల్టులు అవతలి ప్లేట్ వైపు నుంచి వస్తాయి. బరువు తగ్గించడానికి మధ్యలో ఎవరో రెండు పెద్ద గుండ్రటి హోల్స్ పెట్టారు. అయినా 3.4 కిలోలు ఉంది.

ఇలాంటి పనికి టోపాలజీ ఆప్టిమైజేషన్ వాడతాం. లోడ్లు, ఫిక్సింగులు చెబితే మెటల్ ఎక్కడ ఉండాలో, ఎక్కడ అక్కర్లేదో లెక్కగట్టే పద్ధతి అది. ఆ సాఫ్ట్‌వేర్ తెరిచే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ పార్ట్‌కు హద్దు పెట్టేది బలమా, గట్టిదనమా? గ్రిప్పర్, అది పట్టుకునే జాబ్ కలిపి 15 కిలోలు. పక్కకు మామూలు యాక్సిలరేషన్ సెకనుకు సెకనుకు 10 మీటర్లు, అంటే 150 న్యూటన్లు. ఎమర్జెన్సీ స్టాప్‌లో దానికి రెట్టింపు, 300 న్యూటన్లు. ఇంత లావు అల్యూమినియంకు ఇవి లెక్కలోకి రాని బలాలు. 6061 టీ6 యీల్డ్ సుమారు 276 మెగాపాస్కల్స్ ఉంటే, ఇక్కడ వచ్చే స్ట్రెస్ పదుల్లోనే ఉంటుంది. విరిగే భయం లేదు. అసలు టెన్షన్ ఊగడం గురించి. చెయ్యి ఆగిన తర్వాత గ్రిప్పర్ కొస ఊగుతూ ఉంటే, అది ఆగేదాకా జాబ్‌ను పట్టుకోలేదు. కంట్రోల్ వాళ్లు అడిగింది 50 హెర్ట్జ్ పైన మొదటి ఫ్రీక్వెన్సీ. బరువంతా కొస దగ్గరే ఉన్న ఇలాంటి కేసులో ఫ్రీక్వెన్సీని డిఫ్లెక్షన్‌గా, అంటే లోడ్‌కు కొస ఎంత పక్కకు జరుగుతుందో ఆ అంకెగా మార్చుకోవడం తేలిక. కింద a యాక్సిలరేషన్, δ డిఫ్లెక్షన్:

```
f = (1/2π) · √(a/δ)
```

a = 10 m/s², f = 50 Hz పెడితే δ దాదాపు 0.1 మి.మీ. వస్తుంది. ఇక పని మొత్తం ఈ ఒక్క అంకె చుట్టూనే తిరిగింది: మామూలు సైడ్ యాక్సిలరేషన్‌లో గ్రిప్పర్ దగ్గర డిఫ్లెక్షన్ 0.1 మి.మీ. దాటకూడదు. పాత బ్రాకెట్‌లో అది 0.02 మాత్రమే. అంటే అవసరానికి మించి ఐదు రెట్ల గట్టిదనం. బరువు ఎక్కడ దాక్కుందో దీన్నిబట్టే తెలిసింది.

సెటప్‌లో ముట్టుకోకూడని భాగాలు ముందు వేరు చేశాను. ప్రతి ట్యాప్ హోల్ చుట్టూ 8 మి.మీ. మెటల్, కొసలో గ్రిప్పర్ కూర్చునే ముఖం, వెనక బేస్ కాంటాక్ట్ ముఖం. మిగిలిన చెయ్యి అంతా డిజైన్ స్పేస్. పాత హోల్స్ రెండూ పూడ్చేశాను, ఎందుకంటే ఎక్కడ ఖాళీ ఉండాలో ఆప్టిమైజర్ చెప్పాలి గానీ పాత డిజైనర్ కాదు. ఫిక్స్ చేసింది బోల్టుల చుట్టూ ఉన్న వలయాలను మాత్రమే. వెనక ముఖం మొత్తాన్ని ఫిక్స్ చేస్తే బేస్ అసలు వంగదన్నట్టు లెక్క వస్తుంది. అప్పుడు ఆప్టిమైజర్ బోల్టులు లేని చోటికి కూడా ధైర్యంగా లోడ్ పంపుతుంది. ఫలితం చూడ్డానికి బాగుంటుంది, బిగించాక ఊగుతుంది. ఆప్టిమైజేషన్ ఫలితాలు షాప్ ఫ్లోర్ మీద నిలబడకపోవడానికి నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

లెక్క కోసం మోడల్‌ను చిన్న చిన్న ఎలిమెంట్లుగా విడగొట్టే మెష్ సైజు 2.5 మి.మీ., కనీస మెంబర్ మందం 8 మి.మీ. ఒక మెంబర్ అడ్డంగా కనీసం మూడు ఎలిమెంట్లు ఉండాలి. లేకపోతే గళ్ల బట్టలా ఒక ఎలిమెంట్ నిండుగా, పక్కది ఖాళీగా వచ్చే చెకర్‌బోర్డ్ పుడుతుంది. అది నిజమైన గట్టిదనం కాదు, లెక్కలోని లోపం. పద్ధతి మామూలు డెన్సిటీ పద్ధతే: ప్రతి ఎలిమెంట్‌కూ 0 నుంచి 1 దాకా ఒక డెన్సిటీ వస్తుంది, మధ్య విలువలు గిట్టుబాటు కాకుండా చేసే పెనాల్టీ 3. లక్ష్యం: డిజైన్ స్పేస్‌లో 25 శాతం మెటల్ మాత్రమే ఉంచి, లోడ్‌కు పార్ట్ ఎంత లొంగుతుందో చెప్పే కంప్లయన్స్‌ను వీలైనంత తగ్గించడం.

లోడ్ కేసులన్నీ కలిపి ఒకేసారి రన్ చేయడం నాకు ఇష్టం ఉండదు. ముందు ఒక్కో లోడ్‌ను విడిగా రన్ చేస్తాను. ఏ లోడ్‌కు ఏ ఆకారం కావాలో విడివిడిగా చూస్తేనే, తర్వాత కలిపిన బొమ్మలో ఏ ముక్క ఎందుకుందో అర్థమవుతుంది.

ఇక్కడ నిలువు లోడ్ ఒక్కటే పెడితే పైన ఒక బద్దె, కింద ఒక బద్దె, మధ్యలో వాలు బద్దెలతో ట్రస్ వచ్చింది. 1904లో మిచెల్ అనే ఇంజనీర్ లెక్కగట్టిన ట్రస్సుల కుటుంబమే అది, కొత్తేమీ లేదు. సైడ్ లోడ్ ఒక్కటే పెడితే మెటల్ అంతా ఎడమ, కుడి ముఖాలకు పారిపోయింది. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. గ్రిప్పర్ సెంటర్ ఆఫ్ గ్రావిటీ చెయ్యి అక్షానికి 120 మి.మీ. కింద వేలాడుతోంది. అందువల్ల 150 న్యూటన్ల సైడ్ లోడ్ చేతిని వంచడమే కాదు, 18 న్యూటన్ మీటర్లతో మెలి కూడా పెడుతుంది. ఆ మెలి ఒక్కటే ఇస్తే చుట్టూ గోడలున్న, లోపల డొల్లగా ఉన్న గొట్టం వచ్చింది.

కేసులు కలిపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కంప్లయన్స్ అంటే బలం గుణించు డిఫ్లెక్షన్. డిఫ్లెక్షన్ కూడా బలాన్నిబట్టే పెరుగుతుంది కాబట్టి, బలం రెట్టింపయితే కంప్లయన్స్ నాలుగు రెట్లవుతుంది. అన్ని కేసులకూ వెయిట్ 1 అని వదిలేస్తే పెద్ద బలమున్న కేసు చిన్నదాన్ని మింగేస్తుంది. ఎమర్జెన్సీ స్టాప్ ఎప్పుడో ఒకసారి వస్తుంది, దానిలో డిఫ్లెక్షన్‌కు నాకు లిమిట్ కూడా లేదు. అందుకని దాన్ని ఆప్టిమైజేషన్‌లోంచి తీసేసి, చివర్లో స్ట్రెస్ చెక్‌కు మాత్రమే ఉంచాను. మిగతా కేసుల కంప్లయన్స్‌ను పూర్తి బ్లాక్‌లో వాటికి వచ్చిన విలువతో భాగించి, అప్పుడు సమాన వెయిట్లు ఇచ్చాను.

కలిపిన ఫలితం ఊహించినట్టే వచ్చింది. సుమారు నాలుగున్నర మి.మీ. గోడలతో సమానమైన మెటల్‌తో చుట్టూ మూసి ఉన్న డొల్ల పెట్టె. బేస్‌తో కలిపి 1.3 కిలోలు, గ్రిప్పర్ దగ్గర డిఫ్లెక్షన్ 0.03 మి.మీ. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? బాలానగర్‌లో మేం పనిచ్చే షాప్‌లో ఆపరేటర్‌కు ఆ మోడల్ చూపిస్తే, మోడల్‌ను ఒకసారి అటూ ఇటూ తిప్పి, "సార్, లోపలి మెటల్ తీయడానికి టూల్ ఎటు నుంచి పోవాలి?" అన్నాడు. ఎటు నుంచీ పోదు. వీఎంసీ అంటే మూడు యాక్సిస్‌ల మిల్లింగ్ మిషన్, అందులో టూల్ పైనుంచి నేరుగా దిగాలి. మూసిన పెట్టె లోపలికి దారి లేదు.

ఇక్కడ చాలామంది 3డీ ప్రింటింగ్ వైపు చూస్తారు. 2013లో జీఈ సంస్థ జెట్ ఇంజన్ బ్రాకెట్ మీద పెట్టిన పోటీని ఉదాహరణగా చెబుతారు. అందులో 2,033 గ్రాముల టైటానియం బ్రాకెట్‌ను ఇండోనేషియాకు చెందిన ఆరీ కుర్నియవాన్ 327 గ్రాములకు తెచ్చి గెలిచాడు. గొప్ప పని, అందులో సందేహం లేదు. కానీ ఆ పార్ట్‌ను ప్రింట్ చేసేలాగే అడిగారు, విమానంలో ఒక్కో గ్రాముకూ విలువ ఉంది. మా లైన్‌కు కావాల్సింది ఒక బ్రాకెట్, ఒక స్పేర్, పాడైతే మర్నాటికల్లా దగ్గర్లోని ఏ షాప్‌లోనైనా మళ్లీ కోయించుకునే వీలు. ఆ 84 శాతం తగ్గుదల అంకెను మిల్లింగ్ చేసే పార్ట్ దగ్గర టార్గెట్‌గా పెట్టుకోవడం తప్పు.

పెట్టె ఒక పక్క తెరిచి పాకెట్ కొట్టి, పైన మూత స్క్రూలతో బిగించడం గురించి కూడా ఆలోచించాం. మెలిలో ఆ మూత అంచు పొడవునా షియర్ మోయాలి. దానికి దగ్గర దగ్గరగా స్క్రూలు కావాలి, కాలక్రమంలో అవి జారితే గట్టిదనం నిశ్శబ్దంగా పోతుంది. వద్దనుకున్నాం.

తర్వాతి రన్‌లో డ్రా డైరెక్షన్ కన్‌స్ట్రెయింట్ పెట్టాను. రెండు వైపుల నుంచీ మధ్య తలం దాకా టూల్ దిగగలగాలి, లోపల మూసిన ఖాళీ ఉండకూడదు. దీనికి వచ్చిన బొమ్మ అందంగా లేదు. మధ్యలో వెబ్ అనే పలచటి పలక, పైనా కిందా అంచుల్లో దట్టమైన మెటల్, మధ్యలో రెండు వైపులా వాలుగా లేచిన గట్లు. ఆ గట్లు ఎగుడుదిగుడుగా, కొన్ని చోట్ల తెగిపోయినట్టు ఉన్నాయి. డెన్సిటీ స్లైడర్‌ను 0.3 మీద పెడితే గట్లు లావుగా కలిసిపోతాయి, 0.5 మీద పెడితే రెండు తెగిపోతాయి. ఒక మెంబర్ ఉందో లేదో స్లైడర్ జరిపితే మారిపోతుంటే, ఆప్టిమైజర్‌కు అక్కడ సగం మెటల్ కావాలని అర్థం. నిజానికి సగం మెటల్ అనేది లేదు. అక్కడ సన్నటి రిబ్ పెట్టాలి. మెష్, కనీస మందం నిబంధన వల్ల అది సన్నగా గీయలేకపోయింది, అంతే.

రీమోడలింగ్ ఇక్కడ మొదలైంది. ఆప్టిమైజర్ ఇచ్చే, త్రికోణాలతో అల్లిన ఎస్‌టీఎల్ మెష్‌ను స్మూత్ చేసి, దాన్నే సాలిడ్‌గా మార్చి డ్రాయింగ్ తీయడం నేను చేయను. ఆ ఉపరితలాల్లో ఒక్కటి కూడా చదునుగా ఉండదు, కొలిచే చోటు ఉండదు, రేపు ఒక రిబ్ అర మి.మీ. లావు చేయాలంటే వీలుపడదు. మెష్‌ను కేడ్‌లో పారదర్శకంగా వెనక ఉంచి, దాని మీద కొత్తగా గీశాను. ముందు బేస్ ముఖం, బోల్ట్ హోల్స్, గ్రిప్పర్ ముఖం. ఇవి పాత డ్రాయింగ్ కొలతలే. తర్వాత పైబద్దె, కిందిబద్దె నేరుగా రెండు గీతలు. గట్ల మధ్యగీతలు చూస్తూ వాలు రిబ్స్.

ఇక్కడ సులువు దారి ఒకటి ఊరిస్తుంది. అంచులు, వెబ్ ఉన్నాయి కదా, ఐ-సెక్షన్ చేసి వదిలేస్తే సరిపోదా అని. వాలు గట్లు అసలే ఎగుడుదిగుడుగా ఉన్నాయి, వాటిని నాయిస్ అని కొట్టేయాలనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే ఎందుకు కొట్టేయకూడదో తెలుస్తుంది. ఆప్టిమైజర్ మొదట ఇచ్చిన పెట్టెకు మెలిని ఆపే టార్షన్ కాన్‌స్టంట్ సుమారు 16 లక్షల మి.మీ.⁴. 7 మి.మీ. అంచులు, 4 మి.మీ. వెబ్ ఉన్న ఐ-సెక్షన్‌కు అది 15 వేలు. మెటల్ ఇంచుమించు అంతే, గట్టిదనం వందో వంతు. గోడ దగ్గర బిగించి ఉండటం వల్ల అంచులు స్వేచ్ఛగా వంకర తిరగలేవు, అందువల్ల పరిస్థితి ఆ అంకె చెప్పినంత ఘోరంగా ఉండదు. అయినా ఫైనైట్ ఎలిమెంట్ లెక్కలో, అంటే ఎఫ్‌ఈఏలో డిఫ్లెక్షన్ 0.22 మి.మీ. వచ్చింది. అంటే 34 హెర్ట్జ్. లిమిట్‌కు రెట్టింపు పైన.

వాలు రిబ్స్ ఎందుకు పనిచేస్తాయంటే, ఒక పలకను మెలిపెడితే అది 45 డిగ్రీల దిశల్లో వంగుతుంది. ఒక మూల పైకి, ఎదురు మూల కిందికి. నిలువుగానో అడ్డంగానో పెట్టిన రిబ్ ఆ వంపును అసలు చూడదు, పలకతో పాటు తిరిగిపోతుంది. 45 డిగ్రీల రిబ్ మాత్రం దాని పూర్తి 60 మి.మీ. లోతుతో వంగాల్సి వస్తుంది, అందుకే ఎదురునిలుస్తుంది. చేతిని రెండు గళ్లుగా చేసి, ఒక్కో గడిలో ఒక ఎక్స్ ఆకారం పెట్టాను. గడి పొడవు, ఎత్తు దగ్గర దగ్గరగా ఉండటంతో రిబ్స్ 45 డిగ్రీలకు దగ్గరగా పడ్డాయి. మొత్తం పొడవుకు ఒకే పెద్ద ఎక్స్ పెడితే రిబ్స్ పడుకున్నట్టు అవుతాయి, మెలికి అంతగా పనికిరావు. రిబ్ మందం 4 మి.మీ., వెబ్ 4 మి.మీ. డిఫ్లెక్షన్ 0.22 నుంచి 0.075కు దిగింది, అంటే 58 హెర్ట్జ్. ఆప్టిమైజర్ వంకరగా గీసిన ఆ గట్లే ఈ డిజైన్‌ను నిలబెట్టాయి.

ఇక టూల్. రెండు ఎక్స్‌లతో ఒక్కో వైపు ఎనిమిది త్రికోణపు పాకెట్లు, రెండు వైపులా పదహారు. పాకెట్ లోతు 28 మి.మీ. 10 మి.మీ. ఎండ్‌మిల్‌కు ఇది వ్యాసానికి మూడు రెట్ల లోపే, హాయిగా కోస్తుంది. మూల రేడియస్ 5 ఇవ్వకుండా 6 ఇచ్చాను. టూల్ రేడియస్, మూల రేడియస్ ఒకటే అయితే టూల్ మూలలోకి వెళ్లి ఒక్కక్షణం ఆగి దిశ మార్చుకోవాలి. అప్పుడు చుట్టూ ఒకేసారి మెటల్‌ను తాకి అదురుతూ చాటర్ చేస్తుంది, మూలల్లో గీతలు పడతాయి. ఒక మి.మీ. ఎక్కువ ఇస్తే తిరుగుతూనే పోతుంది.

ఈ రేడియస్‌కు ధర ఉంది. త్రికోణంలో 45 డిగ్రీల మూలలో 6 మి.మీ. రేడియస్ పెడితే మూల లోపల మిగిలిపోయే మెటల్ తక్కువేం కాదు. పదహారు పాకెట్లకూ కలిపి లెక్క వేస్తే సుమారు 117 గ్రాములు. 8 మి.మీ. టూల్‌తో రేడియస్ 4కు తగ్గిస్తే అది 50 దగ్గరకు వస్తుంది. కానీ 28 మి.మీ. లోతుకు 8 మి.మీ. టూల్ ఎక్కువగా వంగుతుంది, ఫీడ్ తగ్గించాలి, టైమ్ పెరుగుతుంది. అప్పటికే 1.65 కిలోల దగ్గర ఉన్నాం, కావాల్సిన 1.5 కిలోల తగ్గుదల దాటి 1.75 వచ్చింది. 65 గ్రాముల కోసం షాప్‌ను ఇబ్బంది పెట్టలేదు. బరువు ఇంకా బిగుతుగా ఉన్న పనైతే ఇక్కడ వేరే నిర్ణయం తీసుకునేవాడిని.

ఆప్టిమైజర్ చూపించిన 1.3 కిలోలకూ, చివరి 1.65కూ తేడా 350 గ్రాములు. డిఫ్లెక్షన్ కూడా 0.03 నుంచి 0.075కు పెరిగింది. మిల్లింగ్ చేయగలగడానికి కట్టిన ధర ఈ రెండూ. క్లయింట్‌కు రిపోర్ట్‌లో నేను 1.3 అంకె రాయను. ఎందుకంటే ఆ పార్ట్ ఎప్పటికీ తయారు కాదు, కానీ ఆ అంకె మీటింగుల్లో బతికేస్తుంది.

రీమోడల్ అయ్యాక ఎఫ్‌ఈఏ మొదటి నుంచి మళ్లీ చేశాను. అవే లోడ్లు, అవే ఫిక్సింగులు, పక్కన పెట్టిన ఎమర్జెన్సీ స్టాప్ కూడా. కంప్లయన్స్ తగ్గించే ఆప్టిమైజేషన్ స్ట్రెస్ గురించి ఏ హామీ ఇవ్వదు, పైగా రిబ్ వచ్చి అంచును కలిసే మూలలు నేను గీసినవి, ఆప్టిమైజర్ గీసినవి కావు. అక్కడ 300 న్యూటన్ల కేసులో కూడా స్ట్రెస్ 40 మెగాపాస్కల్స్ దాటలేదు. 6061 టీ6 ఫెటీగ్ స్ట్రెంత్ 50 కోట్ల సైకిళ్లకు సుమారు 97 అని పుస్తకాల్లో ఉంటుంది. సరిపడా మార్జిన్.

మెటీరియల్ టీ6 కాకుండా టీ651 రాయించాను. ప్లేట్‌ను సాగదీసి లోపలి స్ట్రెస్ తగ్గించిన గ్రేడ్ అది. 6 కిలోలకు పైగా ఉన్న బ్లాక్ లోంచి 4.5 కిలోల చిప్స్ తీస్తున్నాం. లోపల స్ట్రెస్ మిగిలి ఉంటే రెండో వైపు పాకెట్లు కొట్టేటప్పటికి చెయ్యి అరటికాయలా వంగిపోతుంది, వైస్ విప్పేదాకా తెలియదు. అందుకే రెండు వైపులా ముందు రఫింగ్ చేసి, బిగింపు వదులు చేసి మళ్లీ పట్టి, అప్పుడు ఫినిషింగ్ చేయమన్నాం. రెండో వైపు కోసేటప్పుడు వెబ్ కింద ఖాళీ ఉంటుంది, పలకలా మోగుతుంది. ఫినిష్ పాస్‌ను మధ్యలోంచి అంచులకు తీసుకెళ్లేలా ప్రోగ్రామ్ రాశారు, ఆ మోత చాలావరకు పోయింది. మిషన్ టైమ్ పాత బ్రాకెట్‌తో పోలిస్తే దాదాపు రెట్టింపు. సర్వో మార్చే ఖర్చు ముందు అది చాలా తక్కువ.

డ్రాయింగ్‌లో గట్టి టాలరెన్స్‌లు మూడు చోట్ల మాత్రమే పెట్టాం: బేస్ ముఖం, గ్రిప్పర్ ముఖం, వాటి మధ్య స్క్వేర్‌నెస్. రిబ్స్, వెబ్‌కు ప్లస్ ఆర్ మైనస్ 0.2 మి.మీ. వదిలేశాం. అన్నిటికీ 0.02 రాస్తే షాప్ ధర ఎక్కడికో పోతుంది, గట్టిదనానికి దానివల్ల ఒరిగేది లేదు.

మిషన్ మీద బిగించాక గ్రిప్పర్ దగ్గర యాక్సిలరోమీటర్ అంటించి, చిన్న సుత్తితో తట్టి చూశాం. 53 హెర్ట్జ్. ఎఫ్‌ఈఏ చెప్పిన 58 కంటే తక్కువే. ఆ తేడా చెయ్యిలో లేదు, బోల్ట్ జాయింట్‌లో ఉంది. మోడల్‌లో గట్టిగా పట్టుకున్నట్టు చూపిన వలయాల వెనక, నిజానికి అవతలి ప్లేట్ కూడా కాస్త వంగుతుంది. ఆ ప్లేట్ మోడల్‌లో లేదు. ఇలాంటి తేడా వస్తుందని తెలిసే 50 దగ్గర ఆపకుండా 58 దాకా తీసుకెళ్లాం. తర్వాతి బ్రాకెట్ కోసం ఆ ప్లేట్‌ను కూడా మోడల్‌లో కలిపి ఉంచాను.